రిజల్ట్స్ ముందు రాత్రి జీమెయిల్ లాక్ అయింది, ఇప్పుడు దాన్ని వదిలేయాలా?

*మేడమ్, మాది నంద్యాల దగ్గర ఊరు. విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేశాను. జేఈఈ మెయిన్ రెండో సెషన్ రాశాను. హాస్టల్లో మిగిలిన సామాను తెచ్చుకుని వస్తుంటే బస్సులో ఫోన్ పోయింది. మర్నాడే రిజల్ట్స్ అంటున్నారు. నాన్న వెంటనే నంద్యాల తీసుకెళ్లి డూప్లికేట్ సిమ్ ఇప్పించారు. సాయంత్రం ఐదుకల్లా సిమ్ చేతికొచ్చింది. పాత కీప్యాడ్ ఫోన్‌లో వేశాం. కాల్స్ వస్తున్నాయి, మెసేజ్‌లు మాత్రం రావడం లేదు.*

*నా అప్లికేషన్ నంబర్ మెయిల్‌లో ఉంది. జేఈఈ పాస్‌వర్డ్ ఫోన్‌లో సేవ్ అయి ఉండేది. మెయిల్ పాస్‌వర్డ్ ఏడాదిగా ఎక్కడా టైప్ చేయలేదు, గుర్తు లేదు. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ తీసుకుని కూర్చున్నాను. గుర్తొచ్చిన పాస్‌వర్డ్‌లన్నీ కొట్టాను. కోడ్ పంపాం అంటుంది, రాదు. మళ్లీ పంపమన్నాను, రాలేదు. పెదనాన్న వాళ్ల అన్నయ్య ఫోన్‌లో చూశాను. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కి మెయిల్ ఐడీ ఇస్తే తనూ ప్రయత్నించింది. అర్ధరాత్రి దాటాక, చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి అని వచ్చింది.*

*కాళ్లూ చేతులూ ఆడలేదు. కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేశాను. ఆ టైంలో కూడా ఎత్తారు. ఒక యాప్ వేసుకోమన్నాడు, స్క్రీన్ చూస్తూ చెప్తానన్నాడు. అమ్మ యూపీఐ నుంచి 1,499 పంపాను. ఇంకో మూడు వేలు పంపితే గంటలో ఓపెన్ అవుతుందన్నాడు. భయమేసి కట్ చేసి ఆ యాప్ తీసేశాను. నాలుగింటి దాకా ఏడుస్తూనే ఉన్నాను.*

*పొద్దున మ్యాథ్స్ సార్ ఫోన్ చేశారు. మార్కులు లెక్కేయడానికి నేను పంపిన రెస్పాన్స్ షీట్ ఆయన వాట్సాప్‌లో ఉంది. దాని మీదే అప్లికేషన్ నంబర్ ఉందన్నారు. ఫర్‌గాట్ పాస్‌వర్డ్ కొడితే అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పది నిమిషాల్లో రిజల్ట్ చూశాను. అనుకున్నంతే వచ్చింది.*

*ఇది జరిగి మూడు రోజులైంది. మెయిల్ ఇంకా లాక్‌లోనే ఉంది. ముట్టుకోవాలంటేనే భయం. అన్నయ్య కొత్త మెయిల్ చేసుకో, దాన్ని వదిలేయ్ అంటున్నాడు. ముందు కౌన్సెలింగ్ ఉంది. డబ్బు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్నకి చెప్పాలా? అసలు ఆ రాత్రంతా నేనెందుకు అలా ఇరుక్కుపోయానో కూడా అర్థం కావడం లేదు.*

అమ్మా, నువ్వు అడిగినవాటి కంటే ముందు చూడాల్సింది మీ అమ్మ ఫోన్. నీ మెయిల్ ఇంకో వారం లాక్‌లో ఉన్నా పెద్దగా పోయేదేమీ లేదు. కానీ బ్యాంకు మెసేజ్‌లు వచ్చే ఫోన్‌ని ఒక అపరిచితుడు కాసేపు తెరిచి చూశాడు.

యాప్ తీసేసి మంచి పని చేశావు. అయితే ఒక్క విషయం గుర్తు చేసుకో. ఆ యాప్ ప్లే స్టోర్‌లో వెతికి వేసుకోమన్నాడా, లేక వాట్సాప్‌లో ఫైల్ పంపి దాన్ని నొక్కమన్నాడా? ప్లే స్టోర్‌లో దొరికే స్క్రీన్ షేరింగ్ యాప్ అయితే సాధారణంగా తీసేయడంతో అతని చూపు ఆగిపోతుంది. ఫైల్ పంపి ఉంటే మాత్రం కనిపించే యాప్ ఒకటి, వెనక ఉండిపోయేది ఇంకొకటి కావచ్చు. అప్పుడు ఫొటోలు, కాంటాక్టులు వేరే చోట దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించడమే నయం. ఏది జరిగిందో గుర్తు లేకపోతే రెండోదే జరిగిందనుకో. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అక్కడ ఏయే యాప్‌లకు అనుమతి ఆన్‌లో ఉందో చూడు. తెలియని పేరు కనిపిస్తే అనుమానించాల్సిందే. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీది కాని కంప్యూటర్ ఏదైనా ఉంటే లాగౌట్ చేయి. ఫోన్ శుభ్రం అయ్యాక యూపీఐ పిన్ మార్చండి. ముందే మారిస్తే కొత్త పిన్ కూడా చూపించినట్టే అవుతుంది.

ఇక ఫిర్యాదు. సైబర్ మోసాలకు 1930 నంబర్ ఉంది, cybercrime.gov.in ఉంది. నువ్వు పంపిన 1,499 తిరిగి వస్తుందని నేను చెప్పలేను. మూడు రోజులైంది కాబట్టి ఆ డబ్బు ఈపాటికి చేతులు మారి ఉంటుంది. అయినా ఫిర్యాదు చేయమనడానికి కారణం వేరే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మన పొరపాటు వల్ల పోయిన డబ్బుకు బ్యాంకుకు చెప్పేదాకా బాధ్యత మనదే. బ్యాంకుకు తెలియజేసిన తర్వాత మన అనుమతి లేకుండా పోయేదానికి బాధ్యత బ్యాంకుది. అతని దగ్గర మీ అమ్మగారి వివరాలు ఎంతవరకు ఉన్నాయో మనకు తెలియదు. రేపో ఎల్లుండో ఖాతాలోంచి ఇంకేదైనా పోతే, మీరు ముందే చెప్పారా లేదా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఫిర్యాదుకు యూపీఐ హిస్టరీలో ఆ లావాదేవీ పక్కన కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబర్, అతని ఫోన్ నంబర్, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి.

ఇక్కడే నీ ఇంకో ప్రశ్నకు జవాబు సగం వచ్చేసింది. ఖాతా అమ్మది. బ్యాంకుకు చెప్పాల్సింది అమ్మే. ఇంట్లో చెప్పకుండా ఈ పని జరగదు. చెప్పకుండా ఊరుకునే దారి లేదని కాదు, ఉంది. ఆ దారిలో వెళ్తే ఫిర్యాదు ఉండదు, పిన్ మార్చడం ఉండదు, ఫోన్ రీసెట్ ఉండదు. ఏదో ఒక రోజు అమ్మ స్టేట్‌మెంట్ చూసుకున్నప్పుడు 1,499 కనిపిస్తుంది. అప్పుడు మాట మోసం మీద ఉండదు, దాచావన్న దాని మీద ఉంటుంది.

నాన్నకి నేరుగా చెప్పగలిగితే చెప్పు. ఫోన్ పోయిందన్న కోపం మీద ఇది కూడా చేరుతుందని భయమైతే ముందు అమ్మకు చెప్పు. ఫోన్, ఖాతా ఆవిడవి కాబట్టి ముందు తెలియాల్సింది కూడా ఆవిడకే. చెప్పేటప్పుడు తొమ్మిదింటి నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పకు. ‘నీ ఫోన్‌లో ఒకడు స్క్రీన్ చూశాడు, 1,499 పోయింది, ఇప్పుడు బ్యాంకుకు ఫోన్ చేయాలి’ అని మొదలుపెట్టు. ఏం చేయాలో ముందే వినిపిస్తే ఇంట్లోవాళ్ల ధ్యాస అటు వెళ్తుంది. తిట్లు పడవని మాట ఇవ్వలేను. నంద్యాలకు పరుగెత్తి సాయంత్రానికల్లా సిమ్ తెచ్చిన నాన్న బ్యాంకుకు కూడా నీతో వస్తారనే నా అంచనా.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. ఎందుకు ఇరుక్కుపోయానో అర్థం కాలేదన్నావు. నీకు అందాల్సిన మూడు సమాచారాలు అందలేదు, అంతే.

మొదటిది, సిమ్. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటల పాటు దానికి మెసేజ్‌లు రావు, దాన్నుంచి పోవు. కాల్స్ పనిచేస్తాయి. అది నెట్‌వర్క్ లోపం కాదు, మన దేశంలో టెలికాం కంపెనీలన్నీ పాటించాల్సిన నియమం. కారణం కూడా మంచిదే. ఎవరైనా నీ పేరు మీద దొంగ డూప్లికేట్ సిమ్ తీస్తే, మొదటి రోజే నీ బ్యాంకు ఓటీపీలన్నీ వాడి చేతిలో పడకుండా ఈ ఆపుదల. సాయంత్రం ఐదుకు సిమ్ తీసుకున్నావు కాబట్టి మర్నాడు సాయంత్రం ఐదు దాకా ఏ కోడూ వచ్చేది కాదు. ఆ రాత్రి ‘మళ్లీ పంపు’ నొక్కిన ప్రతిసారీ కోడ్ బయల్దేరింది, నీ సిమ్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. దుకాణంలో సిమ్ ఇచ్చినవాళ్లు ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు తొమ్మిదింటికే ఆ ప్రయత్నం మానేసేదానివి. గూగుల్ ఒక్కోసారి కోడ్‌ని మెసేజ్‌గా కాకుండా కాల్ చేసి చదివి వినిపిస్తుంది. ఆ ఆప్షన్ కనిపించి ఉంటే కీప్యాడ్ ఫోన్‌కి కూడా వచ్చేది. అయితే అది అందరికీ, అన్నిసార్లూ కనిపించదు.

నువ్వు తిట్టుకున్న ఆ నియమం వల్ల నీకు ఒక మేలు కూడా జరిగింది. ఆ ‘కస్టమర్ కేర్’ మనిషికి నిజంగా కావాల్సింది కోడ్. నీకే రాని కోడ్‌ని అతనికి చెప్పే వీలు లేకపోయింది. అందుకే మెయిల్ అతని చేతికి చిక్కలేదని దాదాపు ధైర్యంగా అనుకోవచ్చు. ఒక మాట గుర్తుంచుకో, జీమెయిల్ ఖాతా తెరిచిపెట్టడానికి డబ్బు తీసుకునే ఫోన్ నంబర్ గూగుల్‌కు లేదు. అర్ధరాత్రి రెండో రింగుకే ఎత్తి తెరుస్తానన్నవాడెవడైనా మోసగాడే.

రెండోది, రికవరీ పేజీ పనిచేసే తీరు. అడిగేది నువ్వేనా అని అది ఒక్క పాస్‌వర్డ్‌తోనే తేల్చుకోదు. ఇంతకుముందు ఈ ఖాతా తెరిచిన ఫోనో కంప్యూటరో ఇదేనా, అదే బ్రౌజరేనా, నువ్వు మామూలుగా ఉండే చోటి నుంచే అడుగుతున్నావా అని కూడా చూస్తుంది. ఆ రాత్రి దానికి కనిపించింది ఏమిటో చూడు. ముందు ఎప్పుడూ ఈ ఖాతా తెరవని అమ్మ ఫోన్, తర్వాత ఇంకో కొత్త ఫోన్, ఆ వెంటనే హైదరాబాద్ నుంచి మరొకటి, అన్నింట్లోనూ తప్పు పాస్‌వర్డ్‌లు. నీ కంగారు దానికి తెలియదు. దొంగ ఎవరో గుంపుగా తలుపు తోస్తున్నారనుకుని గడియ వేసింది. నీ ఫ్రెండ్ చేసింది సాయమే, కానీ దానివల్ల నువ్వు నువ్వే అని నమ్మించడం ఇంకా కష్టమైంది.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. రిజల్ట్‌కి మెయిల్ అవసరమే లేదు. జేఈఈ మెయిన్ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి పెట్టుకోవడానికి మూడు మార్గాలు ఉంటాయి. అప్లికేషన్ నింపినప్పుడు ఎంచుకున్న సెక్యూరిటీ ప్రశ్న ఒకటి, నమోదు చేసిన మొబైల్‌కి వచ్చే కోడ్ ఒకటి, మెయిల్‌కి వచ్చే లింక్ ఒకటి. మీరు అప్లికేషన్‌లో ఇచ్చింది అమ్మ నంబర్. అంటే ఆ కోడ్ రావాల్సిన ఫోన్ రాత్రంతా నీ చేతిలోనే ఉంది. లేనిదల్లా అప్లికేషన్ నంబర్ ఒక్కటే. దానికి కూడా సైట్‌లో ‘ఫర్‌గాట్ అప్లికేషన్ నంబర్’ అని ఉంటుంది, పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ లాంటి వివరాలతో తీసుకోవచ్చు. అడ్మిట్ కార్డు మీద కూడా ఆ నంబర్ ఉంటుంది, కానీ దాన్ని పరీక్ష హాల్లో డబ్బాలో వేసి రమ్మంటారు కాబట్టి ఇంట్లో వెతికినా దొరకదు. ఇక మిగిలేవి కన్ఫర్మేషన్ పేజీ, రెస్పాన్స్ షీట్. మార్కులు లెక్కేసుకోవడానికి పిల్లలందరూ ఆ షీట్‌ని సార్లకో ఫ్రెండ్స్‌కో పంపుతారు. మీ సార్‌కి అది తట్టింది, నీకు తట్టలేదు. అంత టెన్షన్‌లో తట్టకపోవడంలో వింతేమీ లేదు. ఇంటర్ ఫలితాలకైతే ఇంత కూడా అక్కర్లేదు, హాల్ టికెట్ నంబర్, పుట్టిన తేదీ ఉంటే చాలు. ఆంధ్రలో ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009లో కూడా ఇచ్చారు.

ఇదంతా విన్నాక మెయిల్‌ని ఏం చేయాలన్న ప్రశ్న కాస్త తేలిక పడుతుంది. నీ ముందు రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి కూడా నడవొచ్చు.

మీ అన్నయ్య చెప్పినట్టు వదిలేస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. జేఈఈ మెయిన్ అప్లికేషన్‌లో ఆ మెయిలే ఉంది. ఈ మధ్య సంవత్సరాల్లో కరెక్షన్ విండో ఇచ్చినప్పుడు కూడా మొబైల్ నంబర్, మెయిల్ ఐడీ మార్చుకోనివ్వలేదు. కొత్త మెయిల్ చేసుకున్నా అక్కడ పాతదే ఉంటుంది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జరిగే జోసా కౌన్సెలింగ్‌కి లాగిన్ అయ్యేది జేఈఈ మెయిన్ అప్లికేషన్ నంబర్, పాస్‌వర్డ్‌తోనే కాబట్టి, అవి రెండూ ఇప్పుడు నీ దగ్గరున్నాయి కాబట్టి, ఆ పని ఆగదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో కూడా ఎక్కువగా ఆధారపడేది ఫోన్ మీదే. అంటే మెయిల్ పోయినా సీటు పోదు. పోయేవి వేరే. ఫొటోలు, ఫోన్‌లో సేవ్ అయిన మిగతా పాస్‌వర్డ్‌లు, డ్రైవ్‌లో దాచిన వాట్సాప్ బ్యాకప్. ఇంకొకటి ఉంది. ఆ పోయిన ఫోన్‌లో నీ ఖాతా ఇంకా తెరిచే ఉంది. స్క్రీన్ లాక్ గట్టిదైతే పర్వాలేదు. నాలుగు ఒకట్లో, పుట్టిన సంవత్సరమో పెట్టి ఉంటే, దొరికినవాడు నీ మెయిల్ తీరిగ్గా చదువుకుంటాడు. వదిలేయడమంటే దాన్ని అతనికి వదిలేయడమే అవుతుంది. అందుకే నేను తిరిగి తెచ్చుకోవడం వైపే మొగ్గుతాను.

అది ఎలాగో చెప్తాను. మూడు రోజులు ముట్టుకోకుండా ఉన్నావు. భయంతో చేసినా సరైన పనే చేశావు. చాలాసార్లు ప్రయత్నించినప్పుడు పడే ఆ ఆపుదల గంటల్లో పోవచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. మధ్యలో కదిలించకుండా ఉంటేనే త్వరగా సర్దుకుంటుంది. ఇప్పుడు సిమ్‌కి మెసేజ్‌లు కూడా వస్తుండాలి. అమ్మతో ఒక మెసేజ్ పంపించి చూసుకో.

తర్వాత, ఈ ఖాతా ఇదివరకు ఏ కంప్యూటర్‌లో తెరిచావో గుర్తు చేసుకో. అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా, అప్లికేషన్ నింపిన నెట్ సెంటర్లో, సెలవుల్లో పిన్ని వాళ్లింట్లో, ఎక్కడైనా సరే. అలాంటిది ఒకటి ఉంటే ముందు రికవరీ పేజీకి వెళ్లకు. మామూలుగా జీమెయిల్ తెరిచి చూడు. ఒక్కోసారి ఇంకా లాగిన్ అయ్యే ఉంటుంది. లేకపోతే ఆ బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా చూడు. క్రోమ్ అయితే అడ్రస్ బార్‌లో ఇది కొడితే వస్తుంది:

```
chrome://password-manager/passwords
```

అందులో accounts.google.com పేరుతో నీ మెయిల్ ఐడీ ఉంటే పాస్‌వర్డ్ అక్కడే దొరుకుతుంది. చూపించడానికి ఆ కంప్యూటర్ లాక్ పిన్ అడుగుతుంది. ల్యాప్‌టాప్ అన్నయ్యదైతే ఈలోగా దాన్ని ఫార్మాట్ చేయించవద్దని, బ్రౌజర్ హిస్టరీ, కుకీలు క్లియర్ చేయవద్దని చెప్పు.

అక్కడ దొరక్కపోతే అదే కంప్యూటర్‌లో, అదే బ్రౌజర్‌లో g.co/recover తెరువు. ఇన్‌కాగ్నిటో వద్దు, ఎందుకంటే అందులో ఆ కంప్యూటర్ నీకు పాత పరిచయమన్న గుర్తులు కనిపించవు. వీపీఎన్ ఉంటే ఆపేయి. గుర్తున్న ఆఖరి పాస్‌వర్డ్ చెప్పమని అడిగితే, పూర్తిగా సరిగ్గా లేకపోయినా అన్నింటికంటే దగ్గరగా అనిపించినది రాయి, ఖాళీగా వదలకు. పోయిన ఫోన్‌లో నోటిఫికేషన్ నొక్కమని అడుగుతుంది. అది నీ దగ్గర లేదు కాబట్టి Try another way నొక్కితే మెసేజ్ కోడ్ దగ్గరికి వస్తుంది. ఈసారి కోడ్ కీప్యాడ్ ఫోన్‌కి రావాలి.

కోడ్ సరిపోయిన తర్వాత మూడు రకాలుగా జరగొచ్చు. వెంటనే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటే పని అయిపోయింది. కొంత సమయం తర్వాత లింక్ పంపుతామంటే అది తిరస్కారం కాదు, భద్రత కోసం పెట్టే విరామం. అప్పుడు కదలకుండా ఎదురుచూడాలి, మళ్లీ మొదలుపెడితే ఆ లెక్క చెడిపోవచ్చు. నువ్వే అని నిర్ధారించలేకపోయాం అని వస్తే ఆ రోజుకు ఆపేయి. కొన్ని రోజులు ఆగి, అదే కంప్యూటర్ నుంచి మళ్లీ ఒక్కసారి చూడు. పరిచయమున్న కంప్యూటర్ ఏదీ దొరక్కపోతే ఇంట్లో నీ ఫోన్ ఎప్పుడూ వాడిన వైఫై ఉంటే దాని మీద నుంచి అడుగు, అవకాశం కాస్త తక్కువే అయినా ఉంటుంది.

ఈలోగా కొత్త మెయిల్ ఒకటి చేసుకోవడంలో తప్పు లేదు. రాబోయే కౌన్సెలింగ్ ఫారాల్లో మెయిల్ అడిగిన చోట అది ఇవ్వు. ఆ కొత్తదానికి రికవరీ నంబర్‌గా నీ నంబర్ ఒక్కటే పెట్టకు. నీ ఫోన్, నీ సిమ్, నీ మెయిల్ మూడూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి కాబట్టే బస్సులో ఒకటి పోగానే మూడూ పడిపోయాయి. రికవరీ నంబర్‌గా నాన్నది ఇవ్వు, రికవరీ మెయిల్‌గా ఇంట్లో ఎవరిదైనా పెట్టు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే ఎనిమిది అంకెల బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి పదో తరగతి మెమో ఉన్న ఫైల్లో పెట్టు. జేఈఈ అప్లికేషన్ నంబర్, ఈఏపీసెట్ రిజిస్ట్రేషన్ నంబర్, హాల్ టికెట్ నంబర్లు కూడా అదే కాగితం మీద ఉండనీ.

పాత ఖాతా తెరుచుకున్న రోజు ముందుగా చూడాల్సింది సెక్యూరిటీ పేజీలో ఈ మధ్య జరిగిన మార్పుల జాబితా, Recent security activity అని ఉంటుంది. రికవరీ నంబర్ ఎవరైనా మార్చారేమో అక్కడ తెలుస్తుంది. మార్చినా, పాత నంబర్‌కి కోడ్ తెప్పించుకునే వీలు 7 రోజుల వరకు ఉండొచ్చు. అందుకే ఈ ప్రయత్నాన్ని మరీ నెలల తరబడి వాయిదా వేయకు.

ఆఖరున పోయిన ఫోన్. దాని గురించి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చినట్టు నీ ఉత్తరంలో లేదు. ఆ ఫిర్యాదు కాపీ, ఫోన్ డబ్బా మీద ఉండే ఐఎంఈఐ నంబర్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైట్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయించవచ్చు. అప్పుడు ఏ సిమ్ వేసినా మన దేశంలో దానికి నెట్‌వర్క్ రాదు. ఇందులో వరుస ముఖ్యం. ఫోన్‌ని దూరం నుంచి తుడిచేయాలంటే దానికి ఇంటర్నెట్ అందుతూ ఉండాలి, బ్లాక్ చేశాక అది దొరకడం కష్టం. ఈ రెండు మూడు రోజుల్లో మెయిల్ తెరుచుకునేలా ఉంటే ముందు గూగుల్ ఫైండ్ పేజీలోకి వెళ్లి ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయమని చెప్పి, ఆ తర్వాత బ్లాక్‌కి పెట్టు. మెయిల్ తెరుచుకోవడం ఆలస్యమయ్యేలా ఉంటే, స్క్రీన్ లాక్ బలహీనమైనదైతే, ఎదురుచూడకుండా బ్లాక్ చేయించేయడమే మేలు. ఫిర్యాదు మాత్రం ఏ దారిలో వెళ్లినా కావాలి. బ్యాంకుకు వెళ్లిన రోజే స్టేషన్‌కి కూడా వెళ్లి వస్తే నాన్నకు ఇంకో పూట పని చెడదు.